స్కాన్ చేసిన రిపోర్టులతో క్లినిక్ కంప్యూటర్ నిండిపోయింది. టెక్నీషియన్‌కు ఈ నోట్ పంపొచ్చా?

కౌంటర్_కమల

చిన్న క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తాను. పేషెంట్లు తెచ్చే ల్యాబ్ రిపోర్టులు, ఈసీజీలు, పాత ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జి కాగితాలు అన్నీ నేనే స్కాన్ చేసి వాళ్ల నంబరుకు జత చేస్తాను. రోజుకు అరవై పేజీల దాకా ఉంటాయి. నిన్న సాయంత్రం ఒక ఫైలు సగంలో ఉండగా స్కానర్ ఆగిపోయి, డిస్క్‌లో చోటు లేదని వచ్చింది. బయట జనం, లోపలినుంచి డాక్టరు గారి బెల్లు మీద బెల్లు. మా టెక్నీషియన్ వారానికోసారి వస్తారు. ఫోన్ చేస్తే "పాతవి తీసేయండి మేడం" అన్నారు. ఏవి పాతవో, ఎలా తీయాలో చెప్పలేదు. అందుకే నోటిమాటలొద్దని ఈ నోట్ రాసిపెట్టాను. పంపేముందు తెలిసినవాళ్లు ఒకసారి చూడండి.

> సార్, కౌంటర్ కంప్యూటర్‌లో డి డ్రైవ్ పూర్తిగా నిండిపోయింది. 2022 నుంచి స్కాన్ చేసిన రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. కాగితాలే కదా, ఇంత చోటు ఎందుకు తింటున్నాయో తెలియజేయగలరు. నా ప్రతిపాదన: రెండేళ్లు దాటిన రిపోర్టులన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చి, కంప్యూటర్‌లోంచి తీసేద్దాం. ప్రతి జనవరిలో ఇలాగే చేద్దాం. డిస్క్ నా సొరుగులో ఉంటుంది, ఎవరైనా పాత రిపోర్టు అడిగితే నేను తీసిస్తాను.

అంతా_జిప్

ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా అక్కర్లేదు. పాత సంవత్సరాల ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ కొట్టి జిప్ చేసేయండి. సగానికి సగం తగ్గుతాయి. మా ఆఫీసులో అకౌంట్ల ఫైళ్లకు నేను చేసేది అదే.

వెనకబెంచి

"పాతవి తీసేయండి" అనేది టెక్నీషియన్ల జాతీయ గీతం. రెండో చరణం "రీస్టార్ట్ చేశారా".

రేడియాలజీ_రాజు

స్కాన్లను ఎప్పుడూ జేపెగ్‌లోకి మార్చకండి మేడం. సీటీ అయినా ఎమ్మారై అయినా డైకామ్ అనే వైద్య చిత్రాల ఫైలు రూపంలోనే దాచాలి. జేపెగ్ చేస్తే విండో మార్చి చూసే వీలు పోతుంది, కొలతలూ పోతాయి. ఒక్క సీటీలోనే వందల ముక్కలుంటాయి కాబట్టి డిస్క్ నిండటంలో వింత లేదు. దానికి అలాంటి చిత్రాలు దాచే ప్యాక్స్ సర్వరు ఉండాలి.

కౌంటర్_కమల

రాజు గారూ, మావి ఆ స్కాన్లు కావు. కాగితాన్ని గాజు మీద బోర్లించి తీసే స్కాన్. మా దగ్గర సీటీ లేదు, ఈసీజీ మెషిన్ ఒక్కటే ఉంది.

రేడియాలజీ_రాజు

ఓహో, సరే సరే. అయితే నేను చెప్పిందంతా పక్కన పెట్టండి. పేషెంట్ సీడీ ఇస్తే మాత్రం గుర్తుపెట్టుకోండి.

తీగలు_చిప్పలు

కమల గారూ, నేనూ క్లినిక్‌లకు పనిచేసే టెక్నీషియన్‌నే. నోట్ బాగుంది, మర్యాదగా ఉంది. కానీ అందులో ఒక సంగతి మీరు ముందే తేల్చేశారు: నిండింది పాత రిపోర్టుల వల్లే అని. అది ఎవరూ చూడలేదు. "రోజుకు అరవై పేజీలు" అన్నారు కదా. మామూలు సెట్టింగులో పేజీ అర ఎంబీ అనుకుంటే రోజుకు 30 ఎంబీ, ఏడాదికి 9 జీబీ. నాలుగేళ్లకు 36. దీంతో ఏ డిస్కూ నిండదు. ఎక్కడో లెక్క తప్పుతోంది.

ఒక పని చేయండి. రిపోర్టులున్న ఫోల్డర్‌లోకి వెళ్లి, ఒక్కో సంవత్సరం ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి Properties నొక్కండి. ఎన్ని జీబీ అని ఉంటుంది. ఈ ఏడాదికి నెలవారీ ఫోల్డర్లు ఉంటే వాటికీ చూడండి. ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా ఒక్క ఫైలు కూడా తీయొద్దు. రీసైకిల్ బిన్ మాత్రం, లోపల ఏముందో ఓసారి చూసుకుని ఖాళీ చేయండి. ఈ పూటకు సరిపడా చోటు దొరకవచ్చు.

అంతా_జిప్

చోటు ఎవరు తిన్నా జిప్ చేస్తే తగ్గుతుంది కదా. దానికి ఇంత విచారణ ఎందుకు?

తీగలు_చిప్పలు

అకౌంట్ల ఎక్సెల్, వర్డ్ ఫైళ్ల సంగతి వేరు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉండేది జేపెగ్ బొమ్మే, అది అప్పటికే నొక్కిపెట్టిన సరుకు. జిప్ చేస్తే నూటికి రెండో మూడో తగ్గుతుంది. పైగా క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ పేరు నొక్కితే రిపోర్టు తెరుచుకోవాలి. జిప్‌లో ఉన్నదాన్ని అది వెతుక్కోలేదు. అయితే కొన్ని రకాల ఫైళ్లు జిప్ చేస్తే బాగానే తగ్గుతాయి. అవే ఇక్కడ ఉన్నాయేమోనని నా అనుమానం. కమల గారి లెక్క రానీండి.

కౌంటర్_కమల

చూశాను. నాకే నమ్మబుద్ధి కాలేదు. డి డ్రైవ్ మొత్తం 465 జీబీ. అందులో:

2022 ఫోల్డర్ 6 జీబీ
2023 ఫోల్డర్ 8 జీబీ
2024 ఫోల్డర్ 9 జీబీ
2025 జనవరి నుంచి ఆగస్టు దాకా అన్నీ కలిపి 7 జీబీ
సెప్టెంబరు 141 జీబీ
అక్టోబరు 148 జీబీ
నవంబరు ఇప్పటిదాకా 70 జీబీ

మిగతా 70 పైచిలుకు క్లినిక్ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ అనే ఫోల్డర్‌లో ఉంది. సెప్టెంబరులో మాకు జనం ఏమీ ఎక్కువ రాలేదు. ఎప్పటిలాగే అరవై పేజీలు.

వెనకబెంచి

2022, 23, 24 మీద అభియోగాలు కొట్టివేశారు. సెప్టెంబరును బోనులోకి పిలవండి.

తీగలు_చిప్పలు

ఇదీ సంగతి. మీ నోట్‌లో రాసినట్టు రెండేళ్లు దాటినవి తీసేస్తే ఖాళీ అయ్యేది 2022, 2023లో చాలా భాగం. మహా అయితే 14 జీబీ. ఇప్పుడు రోజుకు ఎంత నిండుతోందో చూడండి: నెలకు 140 అంటే, పని రోజులు ఇరవై నాలుగు అనుకుంటే, రోజుకు 6 జీబీ. 14 జీబీ రెండు రోజులకు వస్తుంది. మూడో రోజు మళ్లీ ఇదే బెల్లు.

6 జీబీని అరవై పేజీలతో భాగిస్తే పేజీకి 100 ఎంబీ. ఆ అంకె చూడగానే నాకు అర్థమైపోయింది. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, రంగుల్లో తీస్తే అడ్డంగా 4960, నిలువుగా 7016 చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు. మూడూ గుణించండి, 10 కోట్ల 40 లక్షల బైట్లు దాటుతుంది. అంటే ఏమాత్రం కుదించని టిఫ్ ఫైలు. సెప్టెంబరు ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైలు చూసి, పేరు చివర ఏముందో, సైజు ఎంతో చెప్పండి. ఆగస్టుది ఒకటి కూడా. ఇంకో మాట, ఆగస్టు ఆఖర్లో స్కానర్ మార్చారా?

కౌంటర్_కమల

ఆగస్టు ఫైళ్ల చివర .pdf, ఒక్కోటి 400 నుంచి 700 కేబీ. సెప్టెంబరు నుంచి .tif, అన్నీ 99.5 ఎంబీ. ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు, అన్నీ అదే అంకె. స్కానర్ మార్చలేదు గానీ, అది కంప్యూటర్‌కు కనపడటం లేదని టెక్నీషియన్ గారు వచ్చి డ్రైవర్ మళ్లీ ఎక్కించారు. అది ఆగస్టు చివరి వారమే. ఆ తర్వాత పేజీ నెమ్మదిగా వస్తోందని నేను రెండుసార్లు చెప్పాను కూడా. "స్కానర్ పాతబడింది మేడం" అన్నారు.

తీగలు_చిప్పలు

అన్నీ ఒకే సైజు ఉండటమే రుజువు. కుదించిన ఫైలైతే ఖాళీ కాగితం చిన్నగా, నిండుగా రాసిన కాగితం పెద్దగా వస్తుంది. ఇక్కడ తెల్ల కాగితం స్కాన్ చేసినా 99.5 ఎంబీయే. డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తే పాత ప్రొఫైల్ చెరిగిపోయి, దానితో వచ్చిన సెట్టింగు కూర్చుంటుంది. నెమ్మది కూడా అందుకే: 300లో తీసేదానికి నాలుగింతల చుక్కలు, బూడిద రంగుకు బదులు మూడు రంగులు. పన్నెండింతల సరుకు ఆ కేబుల్‌లోంచి రావాలి.

అన్నట్టు, అంతా_జిప్ గారూ, ఈ టిఫ్‌లను జిప్ చేస్తే బాగానే తగ్గుతాయి. మీ మందు మంచిదే, చీటీ మాత్రం ఇంకో పేషెంట్‌ది.

అంతా_జిప్

చూశారా! నేను మొదటి జవాబులోనే చెప్పాను.

మాత్రలు_మూడుపూటలా

నేను డాక్టర్ని, మాది కూడా ఒంటరి క్లినిక్. 600 పెట్టడం తప్పని అంత తేలిగ్గా అనకండి. పక్క డాక్టర్ల చేతిరాత, మసక జిరాక్సులు వస్తాయి. పెద్దది చేసి చూడాల్సి వస్తుంది. క్లారిటీ తగ్గించి చోటు మిగుల్చుకోవడం నాకు నచ్చదు. డిస్కులు చవకే కదా.

ల్యాబ్_లత

డాక్టరు గారూ, మసకగా వచ్చిన జిరాక్సును 600లో తీస్తే మసకే ఇంకా శుభ్రంగా కనపడుతుంది. ల్యాబ్ రిపోర్టుల అచ్చు అక్షరాలకు 300 ఎక్కువే. నేను రోజూ చూసేవి అవే.

కానీ చోటు తగ్గించాలన్న ఆత్రంలో ఇంకో చివరికి పోకండి. కొన్ని స్కానర్లలో "చిన్న ఫైలు", "అత్యధిక కంప్రెషన్" అనే తరహా మీటలుంటాయి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. కొన్ని జిరాక్స్ కంపెనీ మెషిన్లు స్కాన్ చేసేటప్పుడు అంకెలనే మార్చేస్తున్నాయి, 6 ఉన్నచోట 8 వస్తోంది. కారణం జేబిగ్2 అనే కంప్రెషన్ పద్ధతి. ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే అచ్చుగా దాచుకుని, అన్నిచోట్లా ఆ అచ్చునే గుద్దేది. మసక మరక అయితే చదవలేం అని వదిలేస్తాం. ఇది మాత్రం స్పష్టమైన తప్పు అంకె ఇచ్చేది. క్రియాటినిన్ 1.6 కాస్తా 1.8 అయితే కనిపెట్టేదెవరు?

మాత్రలు_మూడుపూటలా

ఇది నాకు కొత్త. అయితే ఏ సెట్టింగ్ పెట్టమంటారు?

ల్యాబ్_లత

అచ్చు రిపోర్టులకు 300, గ్రే, పీడీఎఫ్, క్వాలిటీ మధ్యస్థం. పూర్తి నలుపు తెలుపు వద్దు. అందులో పెన్సిల్ గీతలు, లేత ముద్రలు, హైలైటర్ కింద అక్షరాలు ఎగిరిపోతాయి. ఈసీజీ మాత్రం రంగుల్లోనే, 300లో. గులాబి గళ్లను బట్టే కదా మీరు లెక్కపెట్టేది. గ్రేలో ఆ గళ్లు, గీత కలిసిపోయి కళ్లు చికిలించాల్సి వస్తుంది. పైగా ఈసీజీ థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది. మిగిలేది మీ స్కాన్ ఒక్కటే కాబట్టి దాని దగ్గర పిసినారితనం వద్దు.

తీగలు_చిప్పలు

లత గారు చెప్పినట్టు రెండు ప్రొఫైళ్లు చేయించుకోండి కమల గారూ. ఒకదానికి "రిపోర్టు", ఇంకోదానికి "ఈసీజీ" అని పేరు పెట్టమనండి. ప్రతిసారీ మీరు డీపీఐ ఎంచుకునే పని ఉండకూడదు. డ్రైవర్ మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ ఒక పేజీ తీసి సైజు చూడండి. ఒక ఎంబీ దాటితే అప్పుడే అడగండి.

నెట్‌వర్క్_నాని

ఆర్కైవ్ మాట వచ్చింది కాబట్టి మా దగ్గర జరిగింది చెప్తాను. ఇదివరకు పనిచేసిన చోట ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి, రోజూ రాత్రి విండోస్‌లోని రోబోకాపీ కమాండుతో, /MIR అనే మిర్రర్ పద్ధతిలో కాపీ అయ్యేట్టు ఎవరో పెట్టివెళ్లారు. మేనేజరు గారు "అన్నీ డిస్క్‌లో ఉన్నాయిగా" అని ధైర్యంగా కంప్యూటర్‌లోంచి రెండేళ్ల ఫైళ్లు తీసేశారు. ఆ రాత్రి మిర్రర్ తన పని తాను చేసింది. ఇక్కడ లేనివి అక్కడ ఎందుకని డిస్క్‌లోంచి కూడా ఊడ్చేసింది. రికవరీ చేయిస్తే కొన్నే వచ్చాయి, అవీ పేర్లు లేకుండా. మీ బ్యాకప్ ఎలా నడుస్తోందో తెలియకుండా ఏదీ డిలీట్ చేయకండి మేడం.

వెనకబెంచి

అద్దం ముందునుంచి మనిషి తప్పుకుంటే బొమ్మ ఉండాలనుకున్నారు పాపం.

పాత_ఫైళ్ల_పద్మ

నేను పెద్ద ఆసుపత్రి రికార్డు రూములో చాలా ఏళ్లు చేశాను. సైజుల గొడవ మీరు తేల్చారు, బాగుంది. కానీ కమలా, నీ ప్లాన్‌లో నాకు నచ్చనిది "రెండేళ్లు దాటిన రిపోర్టులు" అన్న కొలత. రిపోర్టు తేదీని బట్టి తీయకూడదమ్మా, పేషెంట్ ఆఖరుసారి వచ్చిన తేదీని బట్టి తీయాలి. షుగరు పేషెంట్ నెలనెలా వస్తుంటాడు. ఆయన 2022 రిపోర్టే డాక్టరుకు కావాలి, ఇప్పటిదానితో పోల్చడానికి. మరోవైపు ఈ మార్చిలో ఒక్కసారి జలుబుకు వచ్చి మళ్లీ కనపడనివాడి కాగితం నీ కంప్యూటర్‌లోనే కూర్చుంటుంది. మా రూములో బీరువాలు ఖాళీ చేసినా ఇదే పద్ధతి. చిన్నపిల్లల ఫైళ్లు, కాన్పు కేసులు, కోర్టు దాకా పోయేవి అస్సలు ముట్టుకునేవాళ్లం కాదు. ఎన్నేళ్లు ఉంచాలన్నది మీ చోట నిబంధన ఏముందో డాక్టరు గారే చూసుకుని రాసివ్వాలి. అది నువ్వో టెక్నీషియనో తేల్చే విషయం కాదు.

కౌంటర్_కమల

పద్మక్కా, ఇది నాకు తట్టనే లేదు. కానీ మా ఫోల్డర్లు నెలలవారీగా ఉన్నాయి, పేషెంట్ వారీగా కాదు. ఫైలు పేర్లు scan0412 అలా ఉంటాయి. ఏది ఎవరిదో సాఫ్ట్‌వేర్‌కే తెలుసు.

తీగలు_చిప్పలు

అక్కడే ఇంకో చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది ఆ ఫైలు అడ్రస్ మాత్రమే కావచ్చు: D:\Scans\2022\... అని. ఫైలును కదిపితే పేషెంట్ పేరు నొక్కగానే "ఫైలు దొరకలేదు" అంటుంది. అప్పుడు మీ సొరుగులో ఉన్న డిస్క్‌లో వేల ఫైళ్లుంటాయి, ఏది ఎవరిదో చెప్పేవాళ్లుండరు. రిపోర్టు పోనట్టే, కానీ పోయినట్టే.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ క్లినిక్‌కు పాతవి బయటికి తరలించే అవసరమే లేదు. సెట్టింగ్ సరిచేసి, ఈ మూడు నెలల టిఫ్‌లు చిన్నవి చేస్తే మొత్తం రిపోర్టులు 50 జీబీ లోపే ఉంటాయి. ఆపైన ఏడాదికి 9. ఆ లెక్కన డిస్క్ నిండేలోపు డిస్కే చచ్చిపోతుంది. మీకు కావాల్సింది రెండో కాపీ. ఇప్పుడున్నది ఒక్కటే డిస్క్. అది పోతే 2022 కూడా పోతుంది.

పాత_ఫైళ్ల_పద్మ

చోటు ఉంది కదా అని అన్నీ కౌంటర్ మీద ఉంచడం నాకు ఒప్పుకోలు కాదు. నాలుగేళ్లుగా రాని మనిషి కాగితాలు రిసెప్షన్ కంప్యూటర్‌లో ఎందుకు తెరుచుకోవాలి? అటువైపు వచ్చేపోయేవాళ్లు ఎంతమంది. చోటు కోసం కాదు, గోప్యత కోసమైనా తీయాల్సిందే.

తీగలు_చిప్పలు

గోప్యత కోసమైతే లాగిన్‌కు హద్దులు పెట్టాలి పద్మ గారూ. రిసెప్షన్ లాగిన్‌కు పాత విజిట్లు కనపడకుండా చేయొచ్చు, సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలుంటే. ఫైళ్లు ఊడపీకి సొరుగులో పెట్టడం గోప్యత ఎలా అవుతుంది? ఎక్స్‌టర్నల్ డిస్క్ జేబులో పట్టే వస్తువు.

పాత_ఫైళ్ల_పద్మ

"వీలుంటే" అన్నారు చూడండి. చిన్న క్లినిక్‌ల సాఫ్ట్‌వేర్‌లో అది ఉండటం నేను చూడలేదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటర్ కింద చీటీ మీద.

కౌంటర్_కమల

చీటీ మాట ఇక వదిలేద్దాం అక్కా 🙂

చిప్పలు గారూ, టిఫ్‌లు చిన్నవి చేయడం అన్నారు. మళ్లీ స్కాన్ చేయాలా? కాగితాలు పేషెంట్లు తీసుకెళ్లిపోయారు.

తీగలు_చిప్పలు

అక్కర్లేదు. ఉన్న ఫైలునే 300కు దింపి, గ్రే చేసి, కుదించవచ్చు. పీడీఎఫ్ చేస్తే పేరు చివర మారిపోయి సాఫ్ట్‌వేర్ లింకు తెగుతుంది. కాబట్టి టిఫ్‌గానే ఉంచి, లోపల కుదించమనండి. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక ఫైలుకు ఇలా:

```
magick scan0412.tif -resample 300 -colorspace Gray -compress LZW E:\test\scan0412.tif
```

కొత్త ఫైలు వేరే డిస్క్‌లో పడుతుంది, అసలుది అలాగే ఉంటుంది. 100 ఎంబీ కాస్తా కొన్ని ఎంబీలకు వస్తుంది. ఎంతకు దిగుతుందన్నది కాగితం మీద ఉంది, నేపథ్యం మురికిగా ఉంటే తక్కువ దిగుతుంది. ముందు పది ఫైళ్లు చేసి, సాఫ్ట్‌వేర్‌లోంచి తెరిచి, డాక్టరు గారికి చూపించి, ఆయన సరే అన్నాకే మిగతావి. ఇది మీరు చేసే పని కాదు, మీ టెక్నీషియన్ చేత చేయించండి.

దానికంటే ముందు ఉన్నదంతా ఉన్నట్టుగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అవ్వాలి:

```
robocopy D:\Scans E:\Scans /E /R:1 /W:1 /LOG:E:\copy.txt
```

నాని గారు చెప్పిన /MIR లేదు చూడండి. కాపీ చేశాక అసలుది తీసేసే /MOV కూడా లేదు. కాపీ మాత్రమే. అయ్యాక copy.txt అడుగున పట్టీ ఉంటుంది. FAILED అన్న గడిలో అన్నీ సున్నాలే ఉండాలి. ఒక్కటి ఉన్నా ఆ ఫైలు ఏదో వెతికాకే ముందుకు. ఆపైన అక్కడక్కడా కొన్ని ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోంచే తెరిచి చూడండి.

అంతా_జిప్

ఎక్స్‌టర్నల్ అంటే ఎస్ఎస్డీ తీసుకోమనండి. కింద పడ్డా ఏం కాదు, వేగంగా కూడా ఉంటుంది.

తీగలు_చిప్పలు

రోజూ వాడటానికైతే అవును. తీసి బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి కరెంటు చూపించకపోతే ఎస్ఎస్డీలో దాచింది క్రమంగా చెరిగిపోవచ్చు. బీరువా కాపీకి తిరిగే డిస్కే నయం. అదీ ఏడాదికోసారి పెట్టి తెరిచి చూడాలి. ఏదైనా సరే, విండోస్‌లోని బిట్‌లాకర్‌తో డిస్క్‌కు తాళం వేసి పాస్‌వర్డ్ పెట్టించండి. దాని రికవరీ కీ కాగితం మీద ప్రింటు తీసి డాక్టరు గారి దగ్గర ఉంచండి, డిస్క్‌తో పాటు మాత్రం కాదు.

నెట్‌వర్క్_నాని

అన్నట్టు ఆ 70 జీబీ బ్యాకప్ ఫోల్డర్ సంగతి ఎవరూ అడగలేదు. అది కూడా డి డ్రైవ్‌లోనే ఉందన్నారు. అంటే అసలు, బ్యాకప్ రెండూ ఒకే డిస్క్‌లోనా?

వెనకబెంచి

తాళం చెవి పోతుందేమోనని రెండో తాళం చెవి కూడా అదే గుత్తికి తగిలించారు.

కౌంటర్_కమల

అవును నాని గారూ, అందులోనే. రోజుకొకటి చొప్పున పేరులో తేదీతో ఉన్నాయి. మొదటినుంచీ ఒక్కటీ తీసినట్టు లేదు.

నోట్ మార్చి రాశాను. చూడండి.

> సార్, డి డ్రైవ్ నిండటానికి కారణం పాత రిపోర్టులు కావని అనుకుంటున్నాను. 2022 నుంచి ఆగస్టు దాకా అన్నీ కలిపి 30 జీబీ, సెప్టెంబరు నుంచి 359 జీబీ. ఆగస్టు దాకా పేజీ అర ఎంబీ పీడీఎఫ్, తర్వాత 99.5 ఎంబీ టిఫ్. ఆగస్టు చివర్లో డ్రైవర్ మళ్లీ ఎక్కించినప్పటి నుంచి ఈ మార్పు కనబడుతోంది. దయచేసి ఈసారి వచ్చినప్పుడు: ముందుగా స్కానర్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టండి, రిపోర్టుకు 300 గ్రే పీడీఎఫ్, ఈసీజీకి 300 రంగు పీడీఎఫ్. తర్వాత మొత్తం స్కాన్ల ఫోల్డర్, ఆఖరి బ్యాకప్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, తప్పులు లేవని నాకు చూపించండి. ఆ తర్వాతే టిఫ్‌లు చిన్నవి చేద్దాం, ముందు పది ఫైళ్లతో. సాఫ్ట్‌వేర్‌లోంచి అవి తెరుచుకుంటున్నాయో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. డాక్టరు గారు సంతకం పెట్టేదాకా ఏదీ డిలీట్ చేయవద్దు. పాత బ్యాకప్‌లు ఎన్ని ఉంచాలో మీరు చెప్పండి. ఎన్నేళ్ల రిపోర్టులు ఉంచాలో డాక్టరు గారు రాసిస్తారు.

తీగలు_చిప్పలు

ఇలాంటి నోట్ వస్తే నేను వెళ్లేసరికే సగం పని అయినట్టు. "డ్రైవర్ ఎక్కించినప్పటి నుంచి" అన్న ముక్క ఆయనకు గుచ్చుకుంటుంది గానీ తీయకండి. తేదీ లేకపోతే ఆయన మళ్లీ మొదటినుంచి వెతకాలి.

మాత్రలు_మూడుపూటలా

లత గారి మాట విన్నాక మా స్కానర్ చూశాను. ఫైలు రకం దగ్గర "కాంపాక్ట్ పీడీఎఫ్" అని ఉంది. ఇది ఆ జేబిగ్2 బాపతేనా?

ల్యాబ్_లత

ఆ పేరు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతికి పెట్టుకుంటుంది, పేరును బట్టి చెప్పలేం సార్. అంకెలు బాగా చిన్నగా ఉన్న రిపోర్టు ఒకటి తీసి కాగితం పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి. అయినా ఒక్క పేజీ సరిగ్గా వచ్చిందని ఊరుకోలేం. మామూలు పీడీఎఫ్ పెట్టుకుంటే ఆ దిగులే ఉండదు.

కౌంటర్_కమల

టెక్నీషియన్ గారు వచ్చారు. నోట్ రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా స్కానర్ సెట్టింగ్ తెరిచారు. 600, రంగు, టిఫ్, అచ్చం మీరు చెప్పినట్టే. రెండు ప్రొఫైళ్లు పెట్టారు. ఇప్పుడు పేజీ 480 కేబీ వస్తోంది, స్కానర్‌కు వయసు కూడా తగ్గింది. కాపీ రాత్రంతా నడిచింది, FAILED అన్నీ సున్నా. బ్యాకప్‌లు వారం రోజులవి, నెలకొకటి చొప్పున మిగతావి ఉంచుదామన్నారు. పది టిఫ్‌లు చిన్నవి చేసి చూపించారు, ఒక్కోటి 4 నుంచి 9 ఎంబీ. సాఫ్ట్‌వేర్‌లో బాగానే తెరుచుకున్నాయి.

కానీ ఆ పదిలో ఒకటి ఈసీజీ. గ్రేలో డాక్టరు గారికి నచ్చలేదు. మూడు నెలల టిఫ్‌లలో ఈసీజీలు ఎక్కడున్నాయో పేర్లను బట్టి తెలియదు. అన్నీ scan నంబర్లే.

తీగలు_చిప్పలు

రంగును బట్టి ప్రోగ్రాంతో వేరు చేయొచ్చు గానీ, గులాబి లెటర్‌హెడ్డులు, పసుపు చీటీలు కూడా అందులో పడతాయి. ఈసీజీ జారిపోవడం కంటే అనవసరమైనవి నాలుగు రంగుల్లో మిగలడం నయమే అనుకోండి. లేదా గ్రే మాటే వదిలేసి అన్నీ రంగుల్లోనే 300కు దింపి కుదించండి. సైజు రెండు మూడింతలవుతుంది. అయినా 359 ఎక్కడ, అది ఎక్కడ.

పాత_ఫైళ్ల_పద్మ

రంగుల్లోనే ఉంచమ్మా. కాగితం మళ్లీ మన చేతికి రాదు. పిసినారితనం ఇకనుంచి తీసేవాటి దగ్గర చూపించు.

అంతా_జిప్

ఫోల్డర్‌లో పెద్ద థంబ్‌నెయిల్స్ పెట్టుకుని చూస్తే గులాబి గళ్లు ఇట్టే కనపడతాయి కదా? ఈసీజీలను కంట్రోల్ నొక్కి ఏరి, వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి...

తీగలు_చిప్పలు

ఇది నిజంగా మంచి మాట. 100 ఎంబీ టిఫ్‌లకు థంబ్‌నెయిల్స్ రావడానికి బాగా టైం పడుతుంది, అంతే.

కౌంటర్_కమల

డాక్టరు గారు కూడా రంగుల్లోనే ఉంచమన్నారు. టెక్నీషియన్ గారు ముందు సెప్టెంబరు ఒక్కటి చేసి ఎంత అవుతుందో చూస్తారట. పద్మక్క, చిప్పలు గారి వాదన డాక్టరు గారికి చదివి వినిపించాను. లాగిన్‌లో పాత విజిట్లు దాచే వీలుందా అని సాఫ్ట్‌వేర్ వాళ్లకు మెయిల్ పెట్టించారు. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.